పై నుంచి తీసిన ఫోటో, కింద రాసే మాట



చీర కొనాలన్నా, సబ్బు కొనాలన్నా, ఆవకాయ సీసా తెప్పించుకోవాలన్నా ఇప్పుడు చాలామందికి ముందు కనిపించేది దాని ఫోటోనే. ఆ ఫోటోల్లో ఒక పద్ధతి బాగా పాతుకుపోయింది. వస్తువును బల్ల మీద పరుస్తారు. పక్కన ఒకటి రెండు అలంకారాలు సర్దుతారు. కెమెరాను సరిగ్గా దాని నెత్తి మీదికి తెచ్చి, నిట్టనిలువుగా కిందికి చూపిస్తూ ఫోటో తీస్తారు. దీన్ని ఫ్లాట్ లే అంటారు. చీరలకు, నగలకు, పుస్తకాలకు, పచ్చళ్లకు అన్నిటికీ ఇదే పద్ధతి నడుస్తోంది. పెద్ద స్టూడియో అక్కర్లేదు, కిటికీ పక్కన ఒక బల్ల, చేతిలో ఫోన్ ఉంటే చాలు కాబట్టి చిన్న వ్యాపారులకు ఇది బాగా కలిసొచ్చింది.

ఆ ఫోటో కింద రెండు మూడు వాక్యాల క్యాప్షన్ ఉంటుంది. చేనేత బట్టలు అమ్ముకునే చిన్న చిన్న అమ్మకందారులకు ఆ వాక్యాలు రాసిపెట్టడం నా పని. ఆ పనిలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. క్యాప్షన్‌లో రాసే ప్రతి మాటా ఆ ఫోటోలో కంటికి కనిపించాలి. కనిపించనిది ఎంత నిజమైనా అక్కడ రాయకూడదు. దీన్ని పాటించడం ఎక్కడ కష్టమవుతుందో, ఎందుకు పాటించాలో ఒకే ఒక్క ఫోటోను పట్టుకుని చెబుతాను.

మీరు వింటున్నారే గానీ చూడటం లేదు. కాబట్టి ఆ ఫోటో ఎలా ఉందో ముందు చెప్పాలి. గోధుమ రంగు చెక్క పలకల్లా కనిపించే నేపథ్యం. దాని మధ్యలో మడతపెట్టిన ముదురు నీలం చీర. ఒళ్లంతా తెల్లని డైమండ్ గళ్లు, ఒక్కో గడి నడుమ ఒక ఎర్రటి చుక్క. అంచు సాదా ఎరుపు. ఎడమ పక్కకు కొంగు పరిచి ఉంది, దాని మీద అడ్డచారలు. చీరకు పైన కుడి మూల రాగి రంగులో మెరిసే గుండ్రటి పళ్లెం, అందులో తెల్లని మొగ్గలు. చీరకు కింద ఒక నాడె, దాని పక్కన ఎర్ర నూలు చుట్టిన కండెలు మూడు. మడత కింద నుంచి ఒక చిన్న కాగితపు చీటీ సగం బయటికి వచ్చింది. దాని మీద అక్షరాలున్నాయి గానీ సగం మడత కిందే ఉండిపోయాయి.

ఈ ఫోటోకు అమ్మే అమ్మాయి తనే ముందుగా ఒక క్యాప్షన్ రాసి పంపింది. అది ఇలా ఉంది: "స్వచ్ఛమైన నూలుతో, సహజమైన రంగులతో, చేనేత మగ్గం మీద నేసిన మెత్తని పోచంపల్లి ఇక్కత్ చీర. బ్లౌజ్ పీస్‌తో సహా. చెక్క బల్ల మీద రాగి పళ్లెం, తాజా మల్లెలు."

చదవడానికి బాగుంది. ఒక్క అబద్ధం కూడా ఉండకపోవచ్చు. అయినా నేను ప్రతి మాట మీదా వేలు పెట్టి, ఇది ఫోటోలో ఎక్కడుందో చూపించమంటాను. ఆ అమ్మాయిని కూడా అలాగే అడిగాను. ఆమె కొంచెం నొచ్చుకుంది. "అన్నీ నిజాలే గదా అక్కా. మగ్గం కాడికి పోయి నేనే తెచ్చిన చీర అది" అంది.

నిజాలే. వాటిని కాదనడం లేదు. అయితే ఆమెకు ఆ సంగతులు తెలిసింది మగ్గం దగ్గర నిలబడి చూడటం వల్ల, నేతన్నతో మాట్లాడటం వల్ల. ఫోటో చూసే మనిషికి ఆ మగ్గం లేదు, ఆ నేతన్న లేడు. ఫోటో కింద రాసిన మాటను చదివేవాళ్లు ఫోటో చెబుతున్న మాటగానే తీసుకుంటారు. స్వచ్ఛమైన నూలు అని కింద రాసి ఉంటే, ఆ నీలం బట్టను చూస్తూ అవును, నూలే అని తల ఊపుతారు. నిజానికి వాళ్ల కన్ను చూసింది నీలం రంగును మాత్రమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోటో ఒక చీరతో ఆగదు. అదే డిజైన్ వచ్చే నెల ఇంకో మగ్గం నుంచి వస్తుంది. చీర చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్లు మళ్లీ ఫోటో తీయరు, పాత ఫోటోనే పెడతారు. క్యాప్షన్ కూడా దాంతోపాటే వెళ్తుంది. ఈసారి నూలు వేరే కావచ్చు, రంగు వేసిన చోటు వేరే కావచ్చు, బ్లౌజ్ పీస్ లేకపోవచ్చు. మొదటి చీరకు నిజమైన మాట రెండో చీరకు అబద్ధమైపోతుంది. ఎవరూ కావాలని మోసం చేయలేదు. కనిపించేది మాత్రమే రాసిన క్యాప్షన్‌కు ఈ గొడవ లేదు. ఆ ఫోటో ఎంతకాలం ఉంటే ఆ క్యాప్షన్ అంతకాలం నిలబడుతుంది.

ఇప్పుడు ఆ క్యాప్షన్‌లోని మాటలు ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది స్వచ్ఛమైన నూలు. దారం పత్తిదా, పట్టుదా, పాలిస్టరా అన్నది ఫోటోలో తేలదు. మెర్సరైజ్ చేసిన నూలు పట్టులా మెరుస్తుంది. మెరుపు తగ్గించిన పాలిస్టర్ నూలులా కనిపిస్తుంది. బట్టల వ్యాపారంలో ఉన్నవాళ్లు అనుమానం వస్తే ఒక పోగు తీసి కాల్చి చూస్తారు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. వాసన, బూడిద, పూస, ఈ మూడింటిలో ఏదీ ఫోటోకు అందేది కాదు. కాబట్టి దారం పేరు క్యాప్షన్‌లోంచి తీసేయాలి.

సహజమైన రంగులు అన్నది ఇంకా గట్టి ఉదాహరణ. ఈ చీరలో ఉన్నది నీలం. నీలిమందు చెట్టు ఆకుల నుంచి తీసే రంగు మనకు తరతరాలుగా తెలుసు. అదే రంగును రసాయనాలతో తయారుచేసి 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ఫ్యాక్టరీలో పుట్టిన నీలి, ఆకులోంచి వచ్చిన నీలి, రెండింటిలోనూ రంగునిచ్చే అణువు ఒక్కటే. చీర చేతిలో ఉన్నా కంటితో తేడా చెప్పలేం. అలాంటప్పుడు నెత్తి మీది నుంచి తీసిన ఫోన్ ఫోటో చూసి ఎవరు చెప్పగలరు? ముదురు నీలం అని రాయవచ్చు. అక్కడితో ఆగాలి.

మెత్తని అన్నది చేతికి తెలిసేది, కంటికి కాదు. అయితే దీనికి దగ్గరగా కంటికి కనిపించేది ఒకటుంది. మడత దగ్గర బట్ట పదునుగా విరిగినట్టు ఉందా, గుండ్రంగా ఒదిగిందా అని చూడొచ్చు. ఒదిగితే ఒదిగిందని రాయండి. దాన్నుంచి మెత్తదనాన్ని ఊహించుకోవడం చదివేవాళ్ల ఇష్టం. నేను ఎక్కువగా చేసే పని ఇదే. చేయి చెప్పిన మాట తీసేసి, ఆ మాట పుట్టడానికి కారణమైన కంటి గుర్తు ఏదైనా ఫోటోలో ఉందేమో వెతుకుతాను. ఉంటే అది రాస్తాను. లేకపోతే ఆ సంగతి వదిలేస్తాను.

ఇక ఇక్కత్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్లాలి. ఎందుకంటే ఈ మాటకు ఫోటోలో సగం సాక్ష్యం ఉంది. ఇక్కత్‌లో డిజైన్‌ను బట్ట మీద వేయరు. నేయకముందే దారాల మీద తయారుచేస్తారు. పోచంపల్లి ప్రాంతంలో దీన్ని చిటికి పని అంటారు. దారాలను కట్టలుగా సాగదీసి, రంగు అంటకూడదనుకున్న చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. పాత సైకిల్ ట్యూబుల్ని చీల్చి ఈ పట్టీలకు వాడతారు. రంగులో ముంచాక కట్టు విప్పితే ఆ మేరకు తెలుపు మిగులుతుంది. అలా తయారైన దారాలను మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి చేర్చి నేస్తే డిజైన్ బయటపడుతుంది. ఎంత జాగ్రత్తగా నేసినా దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఇక్కత్ గళ్ల అంచులు గీత గీసినట్టు ఉండవు. తడి కాగితం మీద సిరా పాకినట్టు కొంచెం చెదిరి ఉంటాయి. పేకలో రంగులు కడితే ఆ చెదరడం అడ్డంగా, పేక సాగిన దిక్కునే ఉంటుంది. పడుగులో కడితే నిలువుగా ఉంటుంది. ఫోటోను పెద్దది చేసి చూస్తే ఈ చెదిరిన అంచు స్పష్టంగా కనిపిస్తుంది. మన ఫోటోలో కూడా కనిపిస్తోంది.

అయితే ఇక్కత్ అని రాసేయొచ్చు కదా అంటారు. రాయకూడదు. ఎందుకంటే ఆ చెదిరిన అంచుతో సహా అచ్చు వేసే ప్రింటు బట్టలు బజారులో బోలెడున్నాయి. పై నుంచి తీసిన ఫోటోలో బట్ట ముఖం ఒక్కటే కనిపిస్తుంది. అచ్చు బట్టను పట్టుకోవాలంటే తిరగేసి చూడాలి. ఇక్కత్‌లో దారానికే రంగు పట్టి ఉంటుంది కాబట్టి ముందూ వెనకా ఒకే రంగు, ఒకే డిజైన్. అచ్చు వేసిన బట్టలో వెనక వైపు సాధారణంగా వెలవెలబోతూ ఉంటుంది. ఈ ఫోటోలో వెనక వైపు లేదు. కనుక ప్రస్తుతానికి రాయగలిగింది ఇంతే: తెల్లని డైమండ్ గళ్లు, వాటి అంచులు అడ్డంగా కొంచెం చెదిరి ఉన్నాయి.

పోచంపల్లి అన్నది ఊరి పేరు. చట్టంలో భౌగోళిక గుర్తింపు పొందిన పేరు కూడా. ఎక్కడ నేశారన్నది బట్ట మీద కనిపించదు. మరి ఆ చీటీ ఉంది కదా? దాన్ని గురించి ఒక మాట చెప్పాలి. చీటీ మీద ఏదైనా రాసి ఉండి, అది ఫోటోలో చదవగలిగేలా ఉంటే, అది కనిపించే విషయమే. అప్పుడు కూడా 'ఇది ఫలానా ఊళ్లో నేసిన చీర' అని రాయను. 'చీటీ మీద ఫలానా అని ఉంది' అని రాస్తాను. చీటీ చెప్పిన మాటకు చీటీయే బాధ్యత. ఇప్పుడున్న ఫోటోలో అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి. మిగతా సగాన్ని నేను పూరించకూడదు. 'కాగితపు చీటీ, సగం మడత కింద ఉంది' అంతే.

చేనేత మగ్గం అన్న మాటకు వచ్చేసరికి ఫోటోయే మనల్ని ఒక తోవలోకి నెడుతుంది. చీర పక్కన నాడె ఉంది, కండెలున్నాయి. చూడగానే మనసు మగ్గం దగ్గరికి పోతుంది. కానీ ఆ నాడెలోంచి ఈ చీర దారం పోయిందనడానికి ఆ నాడె సాక్ష్యం కాదు. పవర్‌లూమ్ మీద నేసిన బట్ట పక్కన కూడా దాన్ని పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా. చేతిమగ్గం మీద నేసిన బట్టను గుర్తించడానికే 2006లో కేంద్ర ప్రభుత్వం హ్యాండ్‌లూమ్ మార్క్ తెచ్చింది. చూసి చెప్పడం అంత తేలికైతే ఆ గుర్తు అవసరమే వచ్చేది కాదు. అలంకారంగా పెట్టిన వస్తువు ఒక కథ సూచిస్తే, క్యాప్షన్ రాసేవాళ్లు దాన్ని అందుకుని పూర్తి చేయకూడదు. నాడె ఉంది కాబట్టి నాడె అని రాయండి. చీరను నేసిన సంగతి దానికి ముడిపెట్టవద్దు.

బ్లౌజ్ పీస్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది మడత లోపల ఎక్కడో ఉంది. ఫోటోలో లేదు.

మిగిలినవి పళ్లెం, మొగ్గలు, బల్ల. అలంకారాలే కదా అని చాలామంది వీటి దగ్గర పట్టు వదిలేస్తారు. రాగి పళ్లెం అన్నారు. కనిపించేది రాగి రంగు. స్టీలు పళ్లెం మీద రాగి పూత ఉండొచ్చు, రంగు వేసిన అల్యూమినియం కావచ్చు. రాగి రంగు పళ్లెం అంటే సరిపోతుంది. అసలు అది పళ్లెమేనా? నెత్తి మీది నుంచి చూస్తే పళ్లెం, లోతు గిన్నె, బోర్లించిన మూత, అన్నీ గుండ్రంగానే కనిపిస్తాయి. ఫ్లాట్ లే ఫోటో ఎత్తును, లోతును మింగేస్తుంది. ఇలాంటప్పుడు నీడ చూడాలి. వెలుగు ఎడమ నుంచి పడుతుంటే లోతు గిన్నెలో ఎడమ గోడ నీడ అడుగు మీద నెలవంకలా పడుతుంది. చదును పళ్లెంలో అది సన్నని గీతగా ఉంటుంది. ఈ ఫోటోలో గీతే ఉంది. మొగ్గలు కూడా నీడలో మునగకుండా వెలుగులో ఉన్నాయి. పళ్లెం అన్న మాట నిలబడుతుంది.

తాజా మల్లెలు అన్నదాంట్లో తాజా పోవాలి. ఫోటోలో పూలు వాడవు. గుడ్డతో చేసిన పూలు కూడా ఉంటాయి. మల్లెలు అన్నది కూడా నాకు సందేహమే. పైనుంచి చూస్తే మల్లె మొగ్గకూ జాజి మొగ్గకూ తేడా పట్టడానికి మొగ్గ పొడవు, కాడ కనిపించాలి. ఇక్కడ అన్నీ కుప్పగా ఉన్నాయి. తెల్లని మొగ్గలు అంటే చాలు.

చెక్క బల్ల అన్నది మరీ తమాషా. ఈ ఫోటోలు తీసేవాళ్లలో చాలామంది దగ్గర చుట్టచుట్టి పెట్టుకునే వినైల్ షీట్లుంటాయి. ఒక దాని మీద చెక్క, ఒక దాని మీద పాలరాయి, ఒక దాని మీద సిమెంటు గచ్చు అచ్చువేసి ఉంటుంది. గుర్తుపట్టాలంటే చెక్కలోని ముడులు చూడండి. రెండు పలకల్లో అదే ముడి, అదే చోట, అదే ఆకారంలో ఉంటే అది చెట్టు నుంచి వచ్చింది కాదు. పలకల మధ్య సందులో నీడ లేకుండా ఒట్టి నల్లని గీత ఉన్నా అంతే. ఈ ఫోటోలో ఒకే ముడి రెండు చోట్ల ఉంది. కనుక 'చెక్క పలకల డిజైన్ ఉన్న నేపథ్యం' అని రాయాలి.

ఇదంతా విని మీలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. ఇలా పోతే చీరను చీర అనడానికి కూడా లేదా, 'నీలం రంగు గుడ్డ' అనాలా అని. అక్కర్లేదు. నేను పెట్టుకున్న హద్దు ఇది: ఈ దుకాణం సంగతి ఏమీ తెలియని, ఫోటో ఒక్కటే చూసిన మన ఊరి మనిషి ఏ మాట అంటారో ఆ మాట రాయవచ్చు. అంచు, కొంగు కనిపిస్తున్న మడత బట్టను మన దగ్గర ఎవరైనా చీర అనే అంటారు. నాడెను తెలిసినవాళ్లు నాడె అంటారు. ఆకారం చూసి గుర్తుపట్టే పేర్లు రాయొచ్చు. లోపలి పదార్థం, వయసు, పుట్టిన చోటు, ఎవరు చేశారన్నది, చేతికి ఎలా ఉంటుందన్నది, ఇవి ఆకారంలో ఉండవు. అనుమానం వస్తే ఇంట్లో ఎవరికైనా ఫోటో చూపించి, ఏం చెప్పకుండా, ఇందులో ఏముందో చెప్పమనండి. మీరు రాసిన మాట వాళ్ల నోట్లోంచి రాకపోతే ఆ మాట మీకు బయటి నుంచి వచ్చిందన్నమాట.

రంగు గురించి కూడా చెప్పాలి. చీర తిప్పి పంపడానికి కొనేవాళ్లు చెప్పే కారణాల్లో ఇదొకటి: ఫోటోలో రంగు వేరు, వచ్చిన రంగు వేరు. పసుపు బల్బు కింద తీస్తే తెలుపు మీగడ రంగుకు తిరుగుతుంది, నీలం నల్లబడుతుంది. ఫోటోలో రంగు నమ్మవచ్చో లేదో తెలుసుకోవడానికి అందులో తెల్లగా ఉండి తీరాల్సిన వస్తువు ఏదైనా ఉందేమో చూడండి. మన ఫోటోలో కాగితపు చీటీ ఉంది. అది తెల్లగా ఉంటే చీర మీది తెలుపు కూడా తెలుపే. అదీ పసుపు తిరిగి ఉంటే తప్పు వెలుగుదే, అప్పుడు మీగడ రంగు గళ్లు అని రాయకండి. ఫోటో మళ్లీ తీయించండి. తీయించే వీలు లేకపోతే 'పసుపు వెలుతురులో తీసిన ఫోటో' అని ఆ మాటే ముందు రాయండి. అది కూడా కనిపించేదే.

చీరల వాళ్లకు ఇష్టమైన రంగు పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. నెమలికంఠం అంటాం. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయినప్పుడు బట్టను కదిపితే రంగు మారుతూ కనిపిస్తుంది. ఆ మారడమే నెమలికంఠం అందం. ఫ్లాట్ లే ఫోటోలో బట్ట కదలదు, కన్ను ఒకే చోట ఉంటుంది. అలాంటి చీరకు ఫోటోలో ఏ రంగు కనిపిస్తే ఆ రంగు రాసి, మడతల వంపు దగ్గర రెండో రంగు తొంగిచూస్తే 'మడతల దగ్గర ఆకుపచ్చ' అని చేర్చాలి. ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, వంగపండు రంగు, ఇవి మాత్రం నాకు చాలా ఇష్టమైన మాటలు. వినగానే ఎవరికైనా రంగు కళ్ల ముందు నిలుస్తుంది కాబట్టి ధైర్యంగా వాడతాను.

కళ్ల ముందు నిలవడం అన్నాను. ఈ క్యాప్షన్‌ను చెవులతో వినేవాళ్లున్నారు. చూపు లేనివాళ్లు ఫోన్లో టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే అది తెర మీది మాటలను చదివి వినిపిస్తుంది. ఫోటో వచ్చినప్పుడు దానికి జతచేసిన ఆల్ట్ టెక్స్ట్ చదువుతుంది. వెబ్ పేజీల్లో బొమ్మలకు ఇలా మాటలు జతచేయాలన్నది 1999లోనే ప్రమాణాల్లోకి ఎక్కింది. చిన్న దుకాణాల్లో ఆల్ట్ టెక్స్ట్ విడిగా రాసే ఓపిక ఎవరికీ ఉండదు, క్యాప్షన్‌నే అక్కడ కూడా పెట్టేస్తారు. అలాంటప్పుడు 'స్వచ్ఛమైన, మెత్తని, సహజమైన' అని వింటే చూపు లేని మనిషికి చీర ఏ రంగో కూడా తెలియదు. మొదట ఆ అమ్మాయి రాసిన క్యాప్షన్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో నీలం అన్న మాటే లేదు. ఎరుపు లేదు, గళ్లు లేవు, అంచు లేదు. ఫోటోలో లేనివి అన్నీ ఉన్నాయి, ఉన్నవి ఒక్కటీ లేవు, చివరి అలంకారాలు తప్ప. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. కనిపించని మాటలు వచ్చి కూర్చుని, కనిపించే వాటికి చోటు లేకుండా చేస్తాయి.

ఇన్ని తీసేశాక ఆ ఫోటోకు నేను రాసిన క్యాప్షన్ ఇది:

"మడతపెట్టిన ముదురు నీలం చీర. ఒళ్లంతా తెల్లని డైమండ్ గళ్లు, ఒక్కో గడిలో ఒక ఎర్రటి చుక్క. గళ్ల అంచులు అడ్డంగా కొంచెం చెదిరి ఉన్నాయి. సాదా ఎర్రటి అంచు. ఎడమ వైపు అడ్డచారల కొంగు పరిచి ఉంది. పక్కన ఒక నాడె, ఎర్ర నూలు చుట్టిన మూడు కండెలు, రాగి రంగు పళ్లెంలో తెల్లని మొగ్గలు."

నేపథ్యం వదిలేశాను. చీర కొనేవాళ్లకు దాంతో పని లేదు. చీటీని కూడా వదిలేశాను, చదవలేని చీటీ వల్ల ఎవరికీ లాభం లేదు. ఎర్ర నూలు అన్నానని ఎవరైనా పట్టుకోవచ్చు. నిజమే, నూలు అన్నదీ పదార్థం పేరే. అందుకని దాన్ని ఎర్ర దారం అని మార్చాను. అలంకారాల ముందు 'అలంకరణ కోసం' అని కూడా రాయలేదు. ఎందుకు పెట్టారన్నది ఫోటోలో ఉండదు. పళ్లెం, నాడె అమ్మకానికి కాదన్న మాట మాత్రం కొనేవాళ్లకు తెలియాలి. దాని చోటు వేరు.

ఆ వేరే చోటు గురించి ఆ అమ్మాయికి చెప్పినప్పుడు ఆమె మొహం తేటపడింది. ఫోటో కింద క్యాప్షన్, దాని కింద వివరాలు. నూలు, నేత, ఊరు, పొడవు, బ్లౌజ్ పీస్, రంగుల సంగతి, అలంకార వస్తువులు చీరతో రావన్న మాట, ఇవన్నీ వివరాల్లో ఉంటాయి. అక్కడ మాట్లాడేది అమ్మే మనిషి. ఆమెకు తెలుసు కాబట్టి ఆమె పూచీ మీద చెబుతుంది. తర్వాతి చీర వస్తే వివరాలు మార్చుకుంటుంది, ఫోటో, క్యాప్షన్ అలాగే ఉంటాయి. పూచీ అన్నది ఊరికే అనడం లేదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. పూచీ పడాల్సిన మాటలన్నీ ఒకచోట ఉంటే వాటిని సరిచూసుకోవడం కూడా తేలిక.

ఆమె అక్కడితో ఆగలేదు. "మరి ఇక్కత్ అని కనబడాల్నంటే ఏం జెయ్యాలె అక్కా?" అని అడిగింది. సరైన ప్రశ్న అదే. క్యాప్షన్‌లో ఒక సంగతి ఉండాలనుకుంటే దాన్ని ముందు ఫోటోలోకి తేవాలి. మళ్లీ ఫోటో తీసింది. చీర కుడి కింది మూలను వెనక్కి మడిచి, వెనక వైపు పైకి కనిపించేలా పెట్టింది. చీటీని మడత కింద నుంచి లాగి, అక్షరాలు పైకి ఉండేలా చీర మీద ఉంచింది. కొలత తెలియడానికి దర్జీ టేపును అంచు వెంట పరిచింది. పై నుంచి తీసిన ఫోటోలో గళ్లు చిన్నవా పెద్దవా అన్నది టేపు లేకపోతే అసలు తెలియదు. బ్లౌజ్ పీస్ భాగాన్ని మడత లోంచి జానెడు బయటికి తీసింది. అది గళ్లు లేని సాదా ఎరుపు. పళ్లెం, మొగ్గలు తీసేసింది. నాడెను కూడా తీసేయమన్నాను. కొంచెం ఆలోచించి తీసేసింది.

దానికి రాసిన క్యాప్షన్ చదువుతాను. "మడతపెట్టిన ముదురు నీలం చీర. తెల్లని డైమండ్ గళ్లు, నడుమ ఎర్రటి చుక్కలు, గళ్ల అంచులు అడ్డంగా కొంచెం చెదిరి ఉన్నాయి. తిప్పి పెట్టిన మూలలో వెనక వైపు కూడా ఇదే రంగు, ఇదే డిజైన్ కనిపిస్తోంది. పక్కన పరిచిన టేపు ప్రకారం ఒక్కో గడి వెడల్పు సుమారు 4 సెంటీమీటర్లు, ఎర్రటి అంచు వెడల్పు సుమారు 8 సెంటీమీటర్లు. కింది వైపు గళ్లు లేని సాదా ఎర్రటి బట్ట కొంత బయటికి ఉంది. చీర మీది చీటీపై హ్యాండ్‌లూమ్ మార్క్ గుర్తు ఉంది."

ఇందులో కూడా ఇక్కత్ అన్న మాట నేను రాయలేదు. వెనక వైపుకు కూడా రంగు దిగేలా వేసే ప్రింట్లు ఇప్పుడు వస్తున్నాయి కాబట్టి, ఒక మూల చూసి తీర్పు చెప్పడం తగదు. బట్ట తెలిసినవాళ్లు చెదిరిన అంచునూ, వెనక వైపునూ కలిపి చదువుకుంటారు. తెలియనివాళ్ల కోసం కింద వివరాల్లో 'పోచంపల్లి ఇక్కత్, చేనేత, నూలు' అని అమ్మాయి తన మాటగా రాసింది. సాదా ఎర్రటి బట్ట బ్లౌజ్ పీస్ అన్న సంగతి కూడా అక్కడే ఉంది. సహజమైన రంగులు అన్న మాట మాత్రం ఆమె వివరాల్లో కూడా రాయలేదు. రంగు అద్దినవాళ్లను అడిగి కనుక్కుని, అప్పుడు రాస్తానంది.